దొడ్డి పోయి వాష్‌రూం వచ్చె

మా రోజుల్లో దొడ్డి అంటే ఇంటి వెనక పెరడు. గొడ్లు కట్టేసేదీ అక్కడే, గుమ్మడి పాదు పాకేదీ అక్కడే. అవసరం పడితే అటే పోవాలి గనక ‘దొడ్డికెళ్ళాడు’ అనేవాళ్ళం. చేసే పని పేరెత్తకుండా చోటు పేరు చెప్పి తప్పుకున్న మర్యాద మాట అది. ఇప్పుడు మా కోడలి ముందు ఆ మాటంటే, ‘మావయ్యగారూ, పిల్లలు వింటున్నారు’ అంటుంది. బందెలదొడ్డికీ దొడ్డిదారికీ మాత్రం ఇంకా ఆ మైల అంటలేదు.

దొడ్డి చెడిపోయాక దానికి ముందు ‘మరుగు’ తగిలించి మరుగుదొడ్డి చేశారు. సర్కారు కాగితాల్లో నిలిచింది గానీ ఇళ్ళలో నిలవలేదు. లెట్రిన్ అన్నారు. తెలంగాణ వైపు పాయిఖానా అనేవారు. అదీ మొరటైపోయింది. తర్వాత బాత్రూం. బడిపిల్లలైతే ‘బాత్రూం వస్తోంది టీచర్’ అంటారు. గది ఎక్కడి నుంచి నడిచొస్తుందో! ఆపైన టాయిలెట్. ఫ్రెంచివాళ్ళ దగ్గర అది అలంకరణ బల్ల మీద పరిచే గుడ్డట. ఇప్పుడదీ పచ్చిగా ఉందని వాష్‌రూం, రెస్ట్‌రూం అంటున్నారు. అక్కడ విశ్రాంతి తీసుకునేవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

తప్పు మాటలది కాదు. ఏ మాట తెచ్చినా అది చూపించేది ఆ గదినే. నాలుగు నాళ్ళు వాడేసరికి ఆ కంపు దానికీ ఎక్కుతుంది. వాష్‌రూం కూడా మా మనవడి పెళ్ళినాటికి బూతైపోతుంది, చూస్తూండండి.

ఒంటి సంగతీ అంతే. పిర్ర సీటయింది. మగాళ్ళు రొమ్ము విరుచుకు నిలబడే రోజులు పోయి, అందరికీ ఛాతీలే మిగిలాయి. ఇందులో నష్టమూ ఉంది. డాక్టరు దగ్గరకెళ్ళి ‘కింద నొప్పి’ అంటే మూత్రంలో మంటో, మొలలో, గర్భసంచి జారిందో ఆయనకెలా తెలియాలి?

చావు దగ్గర మన పెద్దలూ తక్కువ తినలేదు. పాత తెలుగులో చను అంటే వెళ్ళడం. కాబట్టి చనిపోయాడంటే వెళ్ళిపోయాడనే. ఒకప్పటి ఆ ముసుగే ఇప్పుడు అసలు ముఖమై కూర్చుంది. దాన్నీ అనలేక ‘పోయారు’, ‘కాలం చేశారు’, ‘కన్నుమూశారు’ అంటున్నాం. అసలు మాట ‘చచ్చాడు’ మాత్రం తిట్టుకే మిగిలింది. కొత్తగా ‘ఎక్స్‌పైర్ అయ్యారు’ వచ్చింది, మనిషేదో మందుసీసా అయినట్టు.

దినం మాట మరీ అన్యాయం. దినమంటే రోజు, అంతే. ‘నీ దినం చెయ్య’ అని తిట్టీ తిట్టీ దాన్ని పాడుచేశారు. అందుకని పెద్దకర్మ అన్నారు. ఈమధ్య వచ్చే కార్డుల మీద వైకుంఠ సమారాధన అని ఉంటోంది. మొన్న ఒక కార్డు చూసి మా ఆవిడ ‘ఎవరిదండీ పూజ?’ అనడిగింది.