ముప్పై రోజుల మొహమాటం

ఫ్రీలుక్ అంటే పాలసీ పత్రం చేతికొచ్చాక చదువుకుని, నచ్చకపోతే తిప్పి పంపడానికి పాలసీదారుకు ఉన్న గడువు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం ఇది 30 రోజులు. చెక్కు ఇచ్చిన రోజు నుంచి కాదు, పత్రం కాగితంగానో ఈమెయిల్‌గానో అందిన రోజు నుంచి లెక్క. అమ్మినవారి పంచాంగంలో మాత్రం ఇవి కస్టమరు మొహమాటం మీద గడపాల్సిన 30 రోజులు. ఆ తర్వాత వారికి అన్నీ శుభ ఘడియలే.

ఈ మొహమాటం పాఠం బ్యాంకు కౌంటరు దగ్గర మొదలవుతుంది. రిటైరైన ఒక ఉపాధ్యాయుడు ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యూవల్‌కు వెళ్తాడనుకుందాం. కాఫీ వస్తుంది. డిపాజిట్ చేయడానికి వచ్చినవాడికి బ్యాంకు కాఫీ ఇచ్చిందంటే అది డిపాజిట్ కాదని అప్పుడే గ్రహించాలి. ‘ఒక్కసారి లక్ష కడితే చాలు మాస్టారూ, ఐదేళ్లకు రెట్టింపు’ అంటారు. తర్వాత వెరిఫికేషన్ కాల్ వస్తుంది. ‘అన్నిటికీ అవుననండి మాస్టారూ, అదంతా ఫార్మాలిటీ’ అని పక్కనుంచి ఉపదేశం. జీవితమంతా పిల్లల్ని కాపీ కొట్టనివ్వని మనిషి ఆ పరీక్షలో మాత్రం పక్కవాడు చెప్పిన జవాబులే రాస్తాడు.

పత్రం జూన్ 3న ఈమెయిల్‌లో వస్తుంది. అందులో ఉన్నది వేరే కథ: ఏటా లక్ష చొప్పున 10 ఏళ్లు కట్టాలి, డబ్బు చేతికొచ్చేది 20 ఏళ్లకు, బీమా మొత్తం 10 లక్షలు. ప్రపోజల్ ఫారంలో ఇంకో విచిత్రం. ఏడాదికి 4 లక్షల 80 వేల పెన్షన్ ఉన్న మాస్టారు అక్కడ 12 లక్షల ఆదాయం గల వ్యాపారి. ఏ వ్యాపారమో ఆయనకే తెలియదు. చాలామంది పత్రం మొదటి పేజీలో తమ పేరు సరిగా పడిందో లేదో చూసి బీరువాలో పెడతారు. చూడాల్సినవి ప్రీమియం కట్టాల్సిన ఏళ్లు, పాలసీ కాలం, సంతకం చేసిన బెనిఫిట్ ఇలస్ట్రేషన్, ప్రపోజల్ ఫారం నకలు.

రద్దు కోరుతూ రాసే ఉత్తరంలో కారణం చెప్పాలి. ఆ కారణం కంపెనీకి నచ్చి తీరాలన్న షరతు మాత్రం లేదు. కారణం ఏదైనా, క్లెయిమ్ చేసి ఉండకపోతే, డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే. అయినా కారణాన్ని పేజీతో సహా రాయడం మంచిది. ‘నన్ను మోసం చేశారు, దేవుడు చూస్తున్నాడు’ అని రాస్తే జవాబు చెప్పాల్సిన భారం దేవుడి మీద పడుతుంది. మాస్టారి ఉత్తరం ఇలా ఉంటే చాలు: ‘ఒకే విడత అని చెప్పారు, పత్రంలో 10 విడతలున్నాయి. ఐదేళ్లని చెప్పారు; 20 ఏళ్లుంది. నా ఆదాయం, వృత్తి తప్పుగా నింపారు. ఈ షరతులకు నేను సమ్మతించడం లేదు. ఫ్రీలుక్ గడువులోనే పాలసీ రద్దు చేసి ప్రీమియం వాపసు ఇవ్వగలరు.’ దానితో పాటు పాలసీ నంబరు, పత్రం అందిన తేదీ, బ్యాంకు ఖాతా వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు ఉండాలి. ఉత్తరం అమ్మినవారి చేతికి కాదు, బీమా కంపెనీకే ఈమెయిల్‌లోనూ శాఖలోనూ ఇచ్చి, తేదీ ముద్ర వేసిన రసీదు తీసుకోవాలి.

ఉత్తరం జూన్ 14న చేరిందనుకుంటే, 15 నుంచి ఆప్యాయత పొంగుతుంది. కౌంటరు దగ్గర నిలబెట్టినవారే ఇంటికొస్తారు. ‘మేనేజరు గారు ఊళ్లో లేరు’, ‘సర్వర్ డౌను’, ‘ఇంకో ప్లాన్‌కి మార్చేస్తాం’, ‘నా ఉద్యోగం పోతుంది మాస్టారూ’. ఈ నాలుగు వాక్యాల ధ్యేయం ఒక్కటే: మాస్టారు ఉత్తరం వెనక్కి తీసుకోవాలి, జూలై మొదటి వారం రావాలి. పాలసీ రద్దయితే కమీషన్ వెనక్కి పోతుంది గనుక ఈ ప్రేమకు గడువు తేదీ ఉంది. గడువు దాటాక మిగిలేది సరెండర్ దారి. తొలి ఏళ్లలో ఆ దారిన వెళ్తే కట్టినదానిలో పెద్ద భాగం పోతుంది.

గడువులో రద్దయితే కోతలు మూడే: కవరేజీ నడిచిన రోజులకు రిస్క్ ప్రీమియం, కంపెనీ ఖర్చుతో జరిగిన వైద్య పరీక్షల రుసుము, స్టాంపు డ్యూటీ. 10 లక్షల బీమాకు వెయ్యికి 20 పైసల చొప్పున స్టాంపు డ్యూటీ 200 రూపాయలు. వైద్య పరీక్ష జరగలేదని, రిస్క్ ప్రీమియం 400 అని అనుకుంటే మాస్టారికి 99,400 రావాలి. యూలిప్ అయితే యూనిట్ల విలువ రద్దు రోజు ధర మీద ఆధారపడుతుంది గనుక మొత్తం కొంత అటూ ఇటూ అవుతుంది. ‘ప్రాసెసింగ్ చార్జీ’, ‘ఏజెంటు ఖర్చులు’ అనే కోతలు ఈ జాబితాలో లేవు.

అభ్యర్థన అందిన 7 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. రాకపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి, తర్వాత ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్‌లో రాయవచ్చు. కంపెనీ తిరస్కరించినా, నెల రోజులు పలక్కపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాలవారికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, రుసుము లేదు. అక్కడ అడిగేది కాఫీ ఎవరిచ్చారని కాదు, రసీదు మీద తేదీ ఎంతని.