ట్రెడ్‌మిల్లుకి తేమ మీటరు లేదు

మార్కెట్లో నేను ఎవరి మాటా నమ్మను. రైతు బాగా ఎండిన సరుకన్నా, ఏజెంటు గుప్పెడు పత్తి నలిపి చూపించినా, మీటరు గుచ్చి తేమ ఎంతుందో చూసేదాకా నా నోట ధర రాదు. 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే సీసీఐ వాళ్లు అసలు తీసుకోరు. ఆదోని యార్డులో నాకు అనుమానం సారు అని చాటుగా ఒక పేరుందని తెలుసు. ఆ పేరుకి లోలోపల గర్వపడ్డవాణ్ణే. అలాంటి నేను ఒక సీజనంతా ఓ లాడ్జిలోని పాత ట్రెడ్‌మిల్లు చూపించిన అంకెని దేవుడి మాటలా నమ్మాను. ఆ సంగతే ఇది.

నేను గుంటూరు వైపు ఒక స్పిన్నింగు మిల్లుకి పత్తి కొనే ఉద్యోగిని. పరుగు నడివయసులో పట్టుకున్న పిచ్చి. ముంబై మారథాన్‌లో సగం దూరం, అంటే 21.1 కిలోమీటర్లు, రెండు గంటల్లోపు పూర్తి చెయ్యాలని మొండిపట్టు పట్టాను. ఆ పోటీ జనవరి మూడో ఆదివారం జరుగుతుంది. దానికి ముందు గట్టిగా తయారవ్వాల్సిన నెలలూ, ఆదోనికి పత్తి బండ్లు వరస కట్టే నెలలూ ఒకటే. ఒకప్పుడు ఆదోనిని రెండో బొంబాయి అనేవారు. అసలు బొంబాయికి వెళ్లే ముందు రెండో బొంబాయిలో తయారవుతున్నానని ఇంట్లో జోకులు కూడా వేశాను.

ఆదోనిలో నేను దిగే లాడ్జిలో జిమ్ము అంటే పాత మంచాలూ పరుపులూ పెట్టే గది. ఓ మూల ట్రెడ్‌మిల్లు, కిటికీ లేదు, ఫ్యాను లేదు. ఇళ్లలో నడకకి కొనే రకం అది, మోటారు చిన్నది. నాకు కావలసిన వేగం గంటకి 10.5 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకి 5 నిమిషాల 43 సెకన్లు, రెండు గంటల లెక్కకి దగ్గర దగ్గరగా సరిపోతుంది. మీట నొక్కితే తెర మీద 10.5 వచ్చింది. ఎక్కి పరిగెత్తాను. హాయిగా సాగింది. గుంటూరు రోడ్ల మీద ఈ వేగానికి రొప్పేవాణ్ణి, ఇక్కడేమో కూనిరాగం తియ్యగలుగుతున్నాను. ఇంత తేలిగ్గా ఎందుకుందని ఒక్కసారైనా అనుమానం రావాలి కదా. రాలేదు. నాలో శక్తి పెరిగిందనుకున్నాను.

ఇందులో సిగ్గుపడాల్సిన ఉపకథ ఒకటుంది. ట్రెడ్‌మిల్లు మీద ఎదురుగాలి ఉండదు కాబట్టి దాన్ని 1 శాతం వాలుగా ఎత్తితే రోడ్డు మీది శ్రమకి సమానమవుతుందని 1996లో జోన్స్, డౌస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు తేల్చారు. నేను ఆ వాలుని తప్పకుండా పెట్టేవాణ్ణి. నిజానికి ఆ లెక్క వేగంగా పరిగెత్తేవాళ్లకి. నా వేగానికి గాలి వల్ల వచ్చే తేడా దాదాపు లేనట్టే. లేని తేడాని అంత శ్రద్ధగా సరిచేసుకుని, ఉన్న తేడాని చూడకుండా వదిలేశాను.

అంతకన్నా ఘోరం వాచీ విషయం. గదిలో జీపీఎస్ అందదు కాబట్టి చేతి ఊపుని బట్టి వాచీ దూరాన్ని అంచనా వేస్తుంది. అది ప్రతిసారీ ట్రెడ్‌మిల్లు చెప్పినదానికన్నా తక్కువే చూపించేది. పరుగు ముగియగానే వాచీలో `Calibrate & Save` అని వస్తుంది, అక్కడ ట్రెడ్‌మిల్లు చూపిన దూరం ఎక్కిస్తే వాచీ ఆ లెక్కకి సర్దుకుంటుంది. నేను సంతోషంగా ఎక్కించాను. నిజం చెబుతున్న సాక్షిని కూర్చోబెట్టి అబద్ధం నేర్పానన్నమాట. రెండూ ఒకే మాట చెబుతుంటే ఇంక నాకు అడ్డేముంది?

బయట పరిగెత్తిన రోజులు లేకపోలేదు. ఉన్నాయి కాబట్టే ఇంకో మూర్ఖత్వం బయటపడింది. కొనుగోళ్ల హడావిడిలో వారం మధ్య పరుగులు తప్పిపోతే, తప్పిన కిలోమీటర్లన్నీ కూడి ఒకేరోజు బాకీ తీర్చేవాణ్ణి. అలా ఒక తెల్లవారుజామున ఆదోని నుంచి ఎమ్మిగనూరు రోడ్డు పట్టాను. రెండూళ్ల మధ్య దాదాపు 30 కిలోమీటర్లు. సగం దాకా వెళ్లి బస్సెక్కి వచ్చేద్దామని పథకం. చెవుల్లో పాటలు, ఒంటి మీద నల్ల చొక్కా, పరుగు రోడ్డుకి ఎడమ పక్కన. అంటే బండ్లన్నీ నా వీపు వెనక నుంచే వస్తున్నాయి. పత్తి ట్రాక్టరు ట్రాలీ ఎంత వెడల్పుంటుందో, దాని పైన సంచులు పక్కలకి ఎంత ఉబ్బి ఉంటాయో నాకంటే బాగా ఎవరికి తెలుసు? యార్డు గేటు దగ్గర రోజూ చూస్తాను. ఖాళీ అయిన ట్రాలీ అయితే ఏమయ్యేదో గానీ, ఊరు దాటాక వెనక నుంచి వచ్చిన ట్రాలీలో సగం దించని సరుకుంది. సంచి అంచు భుజానికి తగిలి పక్కనున్న నల్లరేగడి చేలోకి దొర్లాను. మెత్తటి పత్తి, మెత్తటి మట్టి కాబట్టి గీతలతో పోయింది. డ్రైవరు దిగొచ్చి లేపాడు.

"ఎవురు తరుముతాండారు సార్ నిన్ను?" అన్నాడు. జవాబు లేదు.

అప్పటి నుంచి తెలియని ఊళ్లో హైవే ఎక్కడం మానేశాను. ఇప్పుడు చేసేది చాలా చిన్న పని. దిగిన సాయంత్రం లాడ్జి చుట్టుపక్కల ఒకసారి నడిచి, కిలోమీటరో కిలోమీటరున్నరో వచ్చే చుట్టు ఒకటి చూసుకుంటాను. వీధిదీపాలు ఎక్కడ ఉన్నాయి, మూతలేని కాలువ ఎక్కడ ఉంది, కుక్కల గుంపు ఏ మలుపులో పడుకుంటుంది, ఇవి తెలిస్తే చాలు. పొద్దున అదే చుట్టు మళ్లీ మళ్లీ తిరుగుతాను, వాహనాలు ఎదురొచ్చేలా కుడి పక్కన. ఎమ్మిగనూరులో ఉంటే చేనేత వాళ్లుండే వీధుల వైపు వెళతాను. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఊరది. లారీలు ఆ లోపలి వీధుల్లోకి రావు. చుట్టు చిన్నదైతే విసుగు పుడుతుంది, నిజమే. కానీ ఒంట్లో ఏదైనా తేడా వస్తే ఎప్పుడూ లాడ్జికి అయిదు నిమిషాల దూరంలోనే ఉంటాం.

ముంబై సంగతికి వస్తాను. మాహిం దగ్గర మొదలుపెట్టి కిలోమీటరుకి 5:40 లెక్కన సీలింకు మీద దూసుకెళ్లాను. ఆదోనిలో కూనిరాగం తీసిన వేగమే కదా అనుకుంటే, వర్లీ దాటకముందే నోట మాట రావడం ఆగిపోయింది. హాజీ అలీ తర్వాత పెద్దర్ రోడ్డు ఎక్కుడు దగ్గర పరుగు నడకైంది. నా పక్క నుంచి తెల్లగడ్డం పెద్దాయన ఒకరు నింపాదిగా వెళ్లిపోయారు. చివరికి రెండు గంటల ఇరవై నిమిషాలు దాటాయి. తేమ ఎక్కువ, నిద్ర లేదు, ప్రయాణపు అలసట అని ఇంటికొచ్చాక ఒక్కో కారణం చెప్పాను. మా ఆవిడ విని, "ఆ మిషను సరిగా ఉందో లేదో చూశారా?" అని అడిగింది. ఆమె పరిగెత్తదు. మార్కెట్టుకీ రాదు.

తర్వాతి ట్రిప్పులో చూశాను. ఈ పరీక్షకి కావలసింది టేపు, సుద్దముక్క, ఒక మనిషి. ముందు ప్లగ్గు తీసేసి బెల్టు పొడవు కొలిచాను. బెల్టు మీద అంచున గుర్తు పెట్టి, చేత్తో తిప్పుతూ ఆ గుర్తు మళ్లీ అదే చోటికి వచ్చేదాకా ముక్కలుముక్కలుగా టేపుతో కొలిస్తే మొత్తం చుట్టు తెలుస్తుంది. 2.5 మీటర్లొచ్చింది. తర్వాత 10.5 పెట్టి, లాడ్జి కుర్రాణ్ణి పక్కన నిలబెట్టి, గుర్తు 30 సార్లు తిరగడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్లో చూడమన్నాను. బెల్టు మీద ఎవరూ లేనప్పుడు 26.5 సెకన్లు. 75 మీటర్లని 26.5తో భాగించి 3.6తో గుణిస్తే గంటకి 10.2 కిలోమీటర్లు. బాగానే ఉందే అనిపించింది. అక్కడితో ఆపేసి ఉంటే ఇంకో సీజను మోసపోయేవాణ్ణి. నేనెక్కి పరిగెత్తుతుండగా మళ్లీ లెక్కపెట్టమన్నాను. "ముప్పై సెకండ్లు సార్" అన్నాడు కుర్రాడు. అంటే 9.0. అడుగు పడ్డ ప్రతిసారీ ఆ చిన్న మోటారు బరువుకి కుంగిపోతోంది, తెర మాత్రం నేను అడిగిన అంకెనే నాకు తిప్పి చెబుతోంది. అది కొలిచిన వేగం కాదు, నేను నొక్కిన మీట.

9.0 అంటే కిలోమీటరుకి 6 నిమిషాల 40 సెకన్లు. ఆ లెక్కన 21.1 కిలోమీటర్లకి రెండు గంటల ఇరవై నిమిషాలు దాటుతుంది. ముంబై నాకు ఇచ్చిన సమయం అదే. నెలల తరబడి నేను సరిగ్గా ఆ వేగానికే తయారయ్యాను, నాకే తెలియలేదు.

ఇప్పుడు తెర చూడను, ఊపిరి చూస్తాను. తేలిక పరుగంటే పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. గట్టి పరుగంటే రెండు మూడు మాటలకి మించి రాకూడదు. గాలి ఆడని గదిలో చెమట ఆరదు, అదే వేగానికి గుండె వేగం పెరుగుతూ పోతుంది కాబట్టి రిసెప్షన్లో అడిగి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టించుకుంటాను. తప్పిన కిలోమీటర్ల బాకీ తీర్చడం పూర్తిగా మానేశాను. అమెరికాలో హిక్సన్ అనే పరిశోధకుడు 1980లలో చేసిన పరీక్షలు చదివాక ధైర్యం వచ్చింది. రోజుకి 40 నిమిషాలు, వారానికి ఆరు రోజులు తయారైనవాళ్లకి ఆ సమయాన్ని 13 నిమిషాలకి తగ్గించినా, తీవ్రత తగ్గించకపోతే 15 వారాల పాటు ప్రాణవాయువుని వాడుకునే శక్తి నిలిచింది. తీవ్రత తగ్గించినవాళ్లకి నిలవలేదు. అలాగని 13 నిమిషాలు అన్నిటికీ చాలవు, చాలాసేపు తట్టుకునే ఓపిక వాళ్లకి కూడా కొంత తగ్గింది. అందుకే పొడవు పరుగుని ఇంటికొచ్చే ఆదివారానికి ఉంచుకుని, టూరులో 25 నిమిషాలు మాత్రమే చేస్తాను. 8 నిమిషాలు తేలిగ్గా, తర్వాత ఒక నిమిషం గట్టిగా, ఒక నిమిషం నెమ్మదిగా ఆరుసార్లు, చివర 5 నిమిషాలు తేలిగ్గా. కరెంటు పోతే లాడ్జి మెట్లున్నాయి. ఎక్కేటప్పుడు వేగంగా, దిగేటప్పుడు నడిచి. ఆదోనిలోని రణమండల కొండ మెట్లు ఒకసారి దూకుతూ దిగి, రెండు రోజులు యార్డులో కుర్చీ కోసం వెతుక్కున్నాక నేర్చుకున్న తేడా అది. నొప్పి తెచ్చేది ఎక్కడం కాదు, దిగడం.

ఆ ట్రెడ్‌మిల్లు ఇప్పటికీ ఆ గదిలోనే ఉంది. బెల్టు అంచున తెల్లరంగు గుర్తు కనిపిస్తే అది నేను పెట్టిందే. అక్కడ 10.5 అంటే నా బరువుకి 9.0. మీ బరువుకి ఎంతో, ఎక్కే ముందు కుర్రాణ్ణి పిలిచి లెక్కపెట్టించుకోండి. టీ డబ్బులిస్తే సంతోషంగా లెక్కపెడతాడు.