మేనమామ సగటు

బీటెక్ మార్కుల మెమో ఫొటో ఇంటి వాట్సాప్ గ్రూపులో పడగానే అందరి కళ్లూ గ్రేడ్ పాయింట్ల మీదికే పోతాయి. ముందు చూడాల్సింది వాటిని కాదు, పక్కనున్న క్రెడిట్లను అని నా వాదన. ఒక మెమో అనుకుందాం. మేథ్స్‌కి 4 క్రెడిట్లు, వచ్చిన పాయింట్లు 5. ఫిజిక్స్‌కి 4, వచ్చినవి 6. సీ ప్రోగ్రామింగ్‌కి 3, వచ్చినవి 6. ఇంగ్లీషుకి 2, వచ్చినవి 9. రెండు ల్యాబులకీ చెరో 1.5, రెంటిలోనూ పదికి పది. లెక్కల్లో దిట్టననుకునే మేనమామ పాయింట్లన్నీ కూడి, 46ని ఆరుతో భాగించి, 7.67 అని తీర్పు చెప్పేస్తాడు. అత్తయ్య లడ్డూ బొమ్మ పెట్టేస్తుంది. అసలు లెక్కలో మాత్రం ఒక్కో పాయింటునీ దాని క్రెడిట్లతో హెచ్చవేసి కూడాలి. అలా వచ్చిన 110ని మొత్తం క్రెడిట్లు 16తో భాగిస్తే 6.88. లడ్డూ వెనక్కి తీసుకోవాలి.

అన్ని పరీక్షలకూ ఒకేలా చెమటలు పట్టినప్పుడు ఈ హెచ్చుతగ్గులేమిటని అడగొచ్చు. క్రెడిట్ చెమటను కొలవదు, వారంలో గంటలను కొలుస్తుంది. మామూలుగా గంట పాఠానికి ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబుకి ఒకటి. అందుకే మూడు గంటల ల్యాబుకి ఒకటిన్నర. ల్యాబులో చాకిరీ ఎక్కువంటారా, ఆ పేచీ సిలబస్ రాసినవాళ్లతో పెట్టుకోవాలి గానీ సగటుతో కాదు.

ఫొటోతో తంటా వేరు. మసకలో 1.5లోని చుక్క ఎగిరిపోతే అది 15 అవుతుంది. ఆ ఒక్క ల్యాబే మెమోనంతా భుజానికెత్తుకుని సగటును 8.31కి చేరుస్తుంది. ఈ దొంగ సులువుగానే దొరుకుతాడు. క్రెడిట్లు కూడితే 29.5 వస్తాయి, మెమో అడుగున 16 అని ఉంటుంది. ఫొటో వంకరగా తీసినప్పుడు వచ్చే తప్పే గడుసుది. చూపు వరుస జారి మేథ్స్ పాయింట్లు ఇంగ్లీషుకీ, ఇంగ్లీషువి మేథ్స్‌కీ అంటుకుంటే క్రెడిట్ల మొత్తం 16గానే ఉంటుంది, పాయింట్ల మొత్తం 46గానే ఉంటుంది, సగటు మాత్రం 7.38కి ఎక్కి కూర్చుంటుంది. కూడికలు ఎన్నిసార్లు సరిచూసినా ఈ తప్పు దొరకదు. వరుస కింద స్కేలు పెట్టి చదవడమొక్కటే మందు.

మెమో అడుగున ఎస్‌జీపీఏ అచ్చయ్యే ఉంటుంది కదా, ఇంత గొడవెందుకంటారా? ఉంటుంది. కానీ సగటు తగ్గిన సెమిస్టర్‌లో ఫొటో సరిగ్గా ఆ గీతకు పైనే ఆగిపోతుంది. కుర్రాడికి భారిత సగటు బాగానే వచ్చు. అతని నమ్మకమంతా మేనమామకు రాదన్న దాని మీదే.