హీటరు అద్దెదారుది, ఎండ ఓనరుది!

అద్దె ఇంటి డాబాపై సొంత డబ్బుతో సోలార్ వాటర్ హీటర్ పెట్టుకుంటానంటే ఓనరు వెంటనే ‘సరే’ అంటాడు. కాగితం మీద సంతకం అడిగితేనే ఆయనకు చెయ్యి నొప్పి పుడుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకుంటే, అద్దెదారు తాను బిగించినది విప్పుకుపోవచ్చు. అయితే ఇల్లు తన స్వాధీనంలో ఉండగానే విప్పాలి, ఇంటిని మునుపటిలా అప్పగించాలి. తాళాలు ఇచ్చేశాక ట్యాంకు గుర్తొస్తే లాభం లేదు. అందుకే ట్యాంకు, గొట్టాలు, స్టాండు ఎవరివో, స్లాబుకు పడ్డ బోల్టు రంధ్రాలు ఎవరు పూడ్చాలో అనుమతి పత్రంలోనే రాయాలి. గోడలోకి దిగిన పైపును ఓనరుకు వదిలేయడమే మేలు; పీకితే చేతికొచ్చేది తాపీమేస్త్రీ బిల్లే. హీటరునూ వదిలేసేటట్టయితే ఏటా తరుగు పోను ధరెంతో ముందే తేల్చుకోవాలి. లేదంటే ‘సోలార్ సౌకర్యం కలదు’ అంటూ వచ్చేవాడికి అద్దె పెంచేది ఓనరే.