డివిడెండ్ వడ్డీ కాదప్పా!

ఆదోని పత్తి యార్డులో నీతి ఒక్కటే: అసలు ముట్టరాదు, వడ్డీతోనే బతకాలి. ఇది తప్పినోడికి అప్పు పుట్టదు, వాడింటికి పిల్లనివ్వరు. మా కమిషన్ దుకాణం అన్న ఆ నీతిని షేర్ మార్కెట్టుకూ మోసుకుపోయాడు. "షేరు అమ్మేది పాపమప్పా, డివిడెండ్ తినేది పుణ్యం" అని వేదాంత షేర్లు వెయ్యి కొన్నాడు. పేరులోనే వేదాంతం ఉంటే పుణ్యానికేం తక్కువ?

2022-23లో ఆ కంపెనీ ఐదు విడతల్లో షేరుకు 101.50 రూపాయలు పంచింది. అన్నకు 1,01,500 వచ్చింది. నెలకు ఎనిమిదివేల పైచిలుకు పింఛను ఖాయమైందని కొత్త కారు కొని కంతులు పెట్టుకున్నాడు. మరుసటి ఏడాది అదే కంపెనీ షేరుకు 29.50 రూపాయలిచ్చింది. కారు కంతు మాత్రం పైసా తగ్గలేదు. డివిడెండ్ ఇస్తామని ఏ కంపెనీ ప్రామిసరీ నోటు రాసివ్వదు. ఇస్తే ఇస్తుంది, లేకుంటే లేదు.

పన్ను దగ్గర అన్న ఇంకా ధీమాగా ఉన్నాడు. కంపెనీ పదిశాతం టీడీఎస్ కింద 10,150 పట్టుకుంది గనుక పన్ను తీరిపోయిందనుకున్నాడు. 2020 ఏప్రిల్ 1కి ముందైతే డివిడెండ్ మీద కంపెనీయే పన్ను కట్టేది. ఆ తర్వాత అది మన ఆదాయంలో కలిసి, మన శ్లాబు ప్రకారం పన్ను పడుతోంది. అన్నది 30 శాతం శ్లాబు. సెస్సుతో 31,668 కట్టాలి, అంటే ఇంకా 21,518 బాకీ. ఆ డివిడెండ్ ఆదాయపన్ను శాఖవారి ఏఐఎస్‌లో ముందే ఎక్కి కూర్చుంది. దాన్ని యార్డు చిట్టాలో దాచినట్టు దాచలేం.

దెబ్బ తిన్న అన్న కొత్త కిటుకు కనిపెట్టాడు: డివిడెండ్‌కు ముందురోజు కొని, అది పడగానే అమ్మేయడం. 500 రూపాయల షేరు 25 రూపాయల డివిడెండ్ విడిచిందంటే, ఆ పొద్దు ధర ఇంచుమించు 475 దగ్గర మొదలవుతుంది. చేతికొచ్చిన 25లో పన్ను పోగా 17.20 మిగిలింది. అంటే 500 పెట్టి 492.20 తెచ్చుకునే వ్యాపారం. మార్కెట్టు అన్న అసలునే వడ్డీ వేషం కట్టించి చేతిలో పెట్టింది, దారిలో సర్కారు సుంకం తీసుకుంది.

ఎమ్మిగనూరులో మా రిటైర్డ్ సారుకు ఈ వేషాలు పట్టవు. గ్రోత్ ఫండులో 20 లక్షలు పెట్టి, ఏడాది దాటాక నెలకు పదివేలు వచ్చేలా ఎస్‌డబ్ల్యూపీ పెట్టుకున్నాడు. అన్న గుండెలు బాదుకున్నాడు: "సార్, మీరు అసలు తింటాండారు!"

సారు సుద్దముక్క లేకుండానే లెక్క చెప్పాడు. నూరు రూపాయలకు కొన్న యూనిట్ ఇప్పుడు 110. పదివేలకు సుమారు 91 యూనిట్లు అమ్ముడవుతాయి. అందులో ఆయన పెట్టుబడి తొమ్మిదివేల పైన, లాభం 909 మాత్రమే. పన్ను పడేది ఆ లాభానికే. ఏడాది దాటి ఉంచిన షేర్లు, ఈక్విటీ ఫండ్ల లాభాలన్నీ కలిపి ఏడాదికి లక్షాపాతిక వేల దాకా పన్ను లేదు, ఆపైన పన్నెండున్నర శాతం. నెలకు పదివేలంటే ఏడాదికి తీసేదే లక్షా ఇరవై వేలు. అందులో లాభమెంతున్నా పన్ను సున్నా.

అయితే పన్ను దగ్గర సారుకు డివిడెండ్ అయినా పెద్ద తేడా లేదు. ఆయన పింఛను ఏడాదికి ఆరు లక్షలు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది గనుక, డివిడెండ్ తీసుకున్నా ఆయనకు పన్ను పడదు. టీడీఎస్ పట్టుకున్నా రిటర్నులో వెనక్కొస్తుంది. తిరకాసు మరోచోట ఉంది. కూతురి పెళ్లికని ఒకే ఏడాది ఐదు లక్షల లాభం వచ్చేలా అమ్మితే, మొత్తం ఆదాయం 12 లక్షల లోపే ఉన్నా రిబేటు ఆ లాభాన్ని ముట్టదు. సెస్సుతో 48,750 కట్టాల్సిందే. అదే అమ్మకాన్ని మూడునాలుగేళ్లకు పంచుకుంటే ఆ భారం దాదాపు తీరిపోతుంది.

సారు భయం వేరే. మార్కెట్టు పడి నూరు రూపాయల యూనిట్ 70కి దిగితే, పదివేలకు నూరు బదులు 143 యూనిట్లు అమ్మాలి. అలా రెండేళ్లు అమ్మితే, మార్కెట్టు లేచినా పోయిన యూనిట్లు లేవవు. అందుకే రెండేళ్ల ఖర్చు, రెండు లక్షల నలభై వేలు, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో విడిగా ఉంచాడు. మార్కెట్టు పడుకున్నప్పుడు అందులోంచే తింటాడు.

కాబట్టి 30 శాతం శ్లాబులో ఉన్న అన్నలారా, నెలనెలా డబ్బు కావాలంటే గ్రోత్‌లో పెట్టి, కావలసినంతే అమ్ముకోండి. 12 లక్షల లోపువాళ్లు డివిడెండ్ తీసుకున్నా తప్పులేదు, దానిమీద కారు కంతు మాత్రం పెట్టుకోకండి.