కొత్త టెంప్లేట్ నోటు ఎవరూ పాటించకుండా రాయడం ఎలా

గురుగ్రామ్ సైబర్ సిటీలోనో, నోయిడా సెక్టార్ 62లోనో ఉన్న మీ కంపెనీ లోగో మారింది. దాంతోపాటు రంగులూ, స్లైడ్ల టెంప్లేటూ మారాయి. "టీమ్‌కి నాలుగు ముక్కలు రాసి పంపించండి" అని పైనుంచి మాట వచ్చి, ఆ పని మీ నెత్తిన పడింది. నాలుగు ముక్కలే కదా అని సూటిగా రాశారో, జనం సోమవారానికల్లా పాటించేస్తారు. ఇక ఆ తర్వాత ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగరు, మీ అవసరమే ఉండదు. అందుకని నేను చెప్పినట్టు చేయండి.

ముందుగా కథ చెప్పండి. మొదటి మూడు పేజీలూ కొత్త పసుపు వెనకున్న తత్వానికే కేటాయించండి. ఉదయభానుడు, ఎదుగుదల, వినియోగదారుడి చిరునవ్వు, ఏదైనా సరే. పొద్దున్నే మెట్రో ఎల్లో లైన్‌లో ఒంటికాలి మీద నిలబడి ఫోన్‌లో మీ నోటు తెరిచినవాడికి కావాల్సింది ఒక్కటే, ఏ ఫైలు తెరవాలన్నది. ఆ సంగతి పద్నాలుగో పేజీలో పెట్టండి. అక్కడికి చేరేలోపు అతని స్టేషన్ వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు కిటుకు. రంగుల్ని ఎట్టి పరిస్థితిలోనూ టెంప్లేట్ లోపల పెట్టకండి. పవర్‌పాయింట్‌లో ప్రతి థీమ్‌కీ పన్నెండు రంగుల అరలుంటాయి. అక్షరాలకూ నేపథ్యానికీ కలిపి నాలుగు, బొమ్మలకూ చార్టులకూ ఆరు, లింకులకు రెండు. మీ కంపెనీ రంగుల్ని ఆ అరల్లో ఒకసారి నింపి, ఫైలును .potx గా దాచి ఇస్తే చాలు, వాడేవాడికి రంగుల డబ్బాలో పై వరసలో అవే కనిపిస్తాయి. కోడ్ గుర్తు పెట్టుకునే పని ఉండదు. చార్టు గీస్తే మొదటి కడ్డీ తనంతట తానే Accent 1 రంగులో వస్తుంది. రేపు పసుపు కాస్త ముదురు చేయాలనుకుంటే థీమ్‌లో ఒక్కచోట మారిస్తే చాలు, ఆ డెక్‌లో స్లైడ్లన్నీ మారిపోతాయి. ఇంత తేలిగ్గా అయిపోతే మీకేం మిగులుతుంది?

కాబట్టి #F2B705 లాంటి కోడ్‌లు పీడీఎఫ్‌లో అచ్చువేసి, "వీటినే వాడవలెను" అని రాయండి. జనం వాటిని చేత్తో కొడతారు. కొందరు అదీ చేయరు, లోగో ఫొటో మీద ఐడ్రాపర్ పెట్టి రంగు లాగుతారు. జేపెగ్ ఫొటోలో అంచుల దగ్గర రంగు చెదిరి ఉంటుంది కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో పసుపు దొరుకుతుంది. ఇలా చేత్తో పూసిన రంగుకి థీమ్‌తో సంబంధం ఉండదు. పైన ఏం మార్చినా అది ఉన్నచోటే ఉంటుంది. అనుమానముంటే ఒక డెక్ తెరిచి Design మెనూలో Variants, అందులో Colors కి వెళ్లి, ఊరికే వేరే రంగుల జట్టు ఎంచుకోండి. రంగు మారినవి థీమ్‌లోవి, కదలనివి చేత్తో పూసినవి. చూశాక Ctrl+Z కొట్టేయండి. ఈ పరీక్ష సంగతి మాత్రం టీమ్‌లో ఎవరికీ చెప్పకండి.

పాత స్లైడ్ల విషయానికొద్దాం. ఆఫీసులో ఎవడూ డెక్‌ని మొదటినుంచి చేయడు. సేల్స్ వాళ్ల దగ్గర ఆరు స్లైడ్లు, ఫైనాన్స్ నుంచి నాలుగు, పోయిన ఏడాది రివ్యూ నుంచి రెండు తెచ్చి అతికిస్తాడు. అతికించేటప్పుడు చిన్న పెట్టె కనిపిస్తుంది. Use Destination Theme అంటే వచ్చిన స్లైడు ఇంటి కోడలిలా కొత్త ఇంటి పద్ధతిలో సర్దుకుంటుంది. Keep Source Formatting అంటే పుట్టింటి సామానంతా వెంటేసుకుని వస్తుంది. ఆ సామానే స్లైడ్ మాస్టర్. పాత లోగో, పాత ఫాంటు, పాత రంగుల అరలు, అన్నీ అందులోనే ఉంటాయి. మీ నోటులో "ఫార్మాటింగ్ చెడకుండా జాగ్రత్తపడండి" అని ఒక్క వాక్యం రాయండి. ఫార్మాటింగ్ చెడకూడదంటే ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచాలి కదా అనుకుని అందరూ రెండోదే నొక్కుతారు.

దీని ఫలితం చూడముచ్చటగా ఉంటుంది. మూడు చోట్ల నుంచి తెచ్చిన డెక్‌లో View మెనూ నుంచి Slide Master తెరిస్తే ఎడమవైపు ఒక మాస్టర్ ఉండాల్సిన చోట మూడో నాలుగో కనిపిస్తాయి. 1_Office Theme, 2_Office Theme అంటూ అంకెలు తగిలించుకుని ఉంటాయి. ఇప్పుడు పాపం ఫైనాన్స్ నుంచి వచ్చిన స్లైడు మీద నిలబడి ఎవరో New Slide నొక్కుతారు. అది ఆ పాత మాస్టర్ నుంచే పుడుతుంది, పాత లోగోతో సహా. చేసినవాడికి తను తప్పు చేశానన్న సంగతే తెలియదు. మీరు బోర్డు మీటింగ్ ముందురోజు రాత్రి చూసి, "గైడ్‌లైన్స్ చదవలేదా అండీ?" అని మర్యాదగా మందలించవచ్చు. పాత స్లైడ్లకు కొత్త మాస్టర్‌లోని లేఅవుట్ ఇచ్చి, ఖాళీ అయిన పాత మాస్టర్‌ని తీసేయొచ్చన్న సంగతి అతనికి తట్టేలోగా మీ పరపతి నాలుగింతలవుతుంది.

పసుపు మీద తెలుపు అక్షరాలు వేయమనండి. డిజైన్ ఏజెన్సీ పంపిన నమూనాలో చాలా అందంగా ఉంటుంది. వాళ్లు దాన్ని మంచి మానిటర్ మీద, చీకటి గదిలో చూశారు మరి. మీ మీటింగ్ గదికి రెండు వైపులా అద్దాలు, మధ్యాహ్నం మూడింటికి ఎండంతా తెర మీదే. మెరుపు తేడాని కొలిచే లెక్క ఒకటుంది, దాన్ని కాంట్రాస్ట్ నిష్పత్తి అంటారు. వెబ్ పేజీల కోసం పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు అక్షరాలకు 4.5:1, పద్దెనిమిది పాయింట్లకు తగ్గని పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలంటుంది. మన #F2B705 మీద తెలుపు వేసి లెక్క కడితే 1.8:1 దగ్గర ఆగిపోతుంది. అక్షరాలు ఎంత పెద్దవి చేసినా చాలదు. అదే పసుపు మీద నలుపు పెడితే 11.5:1 వస్తుంది. రంగు మార్చక్కర్లేదు, దాని మీద అక్షరం మారిస్తే చాలు. అందుకే నోటులో "బ్రాండ్ రంగులు ఇవి" అని చెప్పి ఊరుకోండి. ఏ రంగు మీద ఏ రంగు అక్షరం అన్న జతలు ఇచ్చారంటే వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా కనిపించే ప్రమాదం ఉంది.

ఢిల్లీలో ఇలాంటి చెడ్డ ఉదాహరణలు చుట్టూ ఉంటాయి, వాటికి లొంగకండి. 2002లో నడక మొదలెట్టిన మెట్రోనే చూడండి. రంగుకి ఒక పని అప్పగించింది. రాజీవ్ చౌక్‌లో దిగినవాడు పసుపు, నీలం గుర్తులు పట్టుకుని నడిచి రైలు మారతాడు. కాల్కాజీ మందిర్ దగ్గర వయొలెట్, మెజెంటా కలుస్తాయి. రెండూ దగ్గర దగ్గర రంగులే. బోర్డు మీద లైను పేరు కూడా రాశారు, రంగు ఒక్కదాన్నే నమ్ముకోలేదు. మీ చార్టులో లాభం ఆకుపచ్చ, నష్టం ఎరుపు అని వదిలేయండి, పక్కన పేర్లు పెట్టకండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని డైరెక్టర్ ఒకాయన రెంటినీ కలిపి మెచ్చుకుంటాడు. కేంద్ర ఐటీ శాఖ కూడా 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం డిజిటల్ బ్రాండ్ ఐడెంటిటీ మాన్యువల్ తెచ్చి, నోటో సాన్స్ అనే ఉచిత ఫాంటు వాడమంది. ఎవరైనా దింపుకోవచ్చు, తెలుగు సహా మన లిపులకు జోడీలున్నాయి. మీరు మాత్రం లైసెన్సు కొన్న ఫాంటునే ఎంచుకోండి, పది మంది డిజైనర్ల కంప్యూటర్లలో తప్ప ఇంకెక్కడా ఉండనిది. మిగతావాళ్ల దగ్గర పవర్‌పాయింట్ నోరెత్తకుండా వేరే ఫాంటు పెట్టేస్తుంది. రెండు లైన్ల శీర్షిక మూడు లైన్లై లోగో మీద కూర్చుంటుంది.

తెలుగు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. మీ కంపెనీకి విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో క్లయింట్లు ఉంటే ఏడాదికి రెండుసార్లయినా తెలుగు స్లైడు చేయాల్సి వస్తుంది. టెంప్లేట్‌లో తెలుగు ఫాంటు ఏదో చెప్పకండి. అప్పుడు విండోస్‌లో సాధారణంగా Nirmala UI, మ్యాక్‌లో ఇంకేదో వచ్చి, లైన్లు ఒక్కోచోట ఒక్కోలా విరుగుతాయి. లైన్ల మధ్య దూరం ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా Exactly అని బిగించండి. పై లైనులోని ఒత్తులు కింద లైనులోని గుడి దీర్ఘాల మీదికి దిగుతాయి. "స్వాతంత్ర్యం" అన్న మాట పై లైనులో పడిందంటే కింద లైను చదవడం క్లయింట్ తరం కాదు. అదే దూరాన్ని Multiple చేసి 1.2 అనో అంతకు కాస్త పైనో ఉంచితే ఒత్తులకు చోటు దొరుకుతుంది. గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడెవడో ఇది కనిపెట్టి మీకు చెప్తే, "మంచి పాయింట్, ఫేజ్ టూలో చూద్దాం" అనండి.

ప్రింటు సంగతి అసలు ఎత్తకండి. నెహ్రూ ప్లేస్‌లో బ్యానర్ వేయించడానికి వెళ్లినవాడు స్లైడులోని కోడ్‌నే చూపిస్తాడు. పసుపు బాగానే పడుతుంది. మీ రంగుల్లో తెర మీద మెరిసే నీలం ఉంటే మాత్రం, అది నాలుగు సిరాలతో అంత మెరుపు రాక, వంగపండు వైపు జారుతుంది. ప్రింటుకి వేరే అంకెలుంటాయని మీ నోటులో లేదు కాబట్టి నేరం దుకాణదారుడిది.

అన్నిటికంటే పెద్ద ముప్పు, టీమ్‌లో ఎవరో మీకంటే ముందు నోటు రాసేయడం. అది ఇలా ఉంటుంది, చూడగానే గుర్తుపట్టండి:

"సోమవారం నుంచి కొత్త డెక్ ఏదైనా షేర్డ్ డ్రైవ్‌లో ఉన్న Template.potx తెరిచే మొదలుపెట్టండి. రంగులు పై వరసలోవే వాడండి, కోడ్‌లు కొట్టొద్దు. పాత స్లైడు తెచ్చుకుంటే Use Destination Theme నొక్కండి. పసుపు మీద నలుపు అక్షరాలే. పాత డెక్‌లన్నీ ఇప్పుడే మార్చక్కర్లేదు, మళ్లీ బయటికి పంపేటప్పుడు మార్చండి చాలు. బ్యానర్లు, కార్డులు వేయించే ముందు ప్రింటు అంకెలు నన్నడగండి. ఏదైనా అడ్డం తిరిగితే ఫైలు పట్టుకుని నా సీటు దగ్గరికి రండి."

అంతే. తత్వం లేదు, ఉదయభానుడు లేడు. కింద ఫైలుకి లింకు కూడా పెట్టి ఉంటుంది. దీన్ని గడప దాటనివ్వకండి. "చాలా బాగుందండీ, ఒకసారి లీగల్‌తో, హెచ్ఆర్‌తో అలైన్ అయ్యాక పంపుదాం" అని రిప్లై ఆల్ కొట్టి, ఆ ఇద్దరినీ సీసీలో పెట్టండి. వాళ్లు ఒకరి జవాబు కోసం ఒకరు చూస్తుండగా, క్వార్టర్ క్లోజింగ్ వారంలో శుక్రవారం సాయంత్రం ఆరింటికి మీ యాభై పేజీల పీడీఎఫ్ పంపేయండి. పాత డెక్‌లన్నీ సోమవారానికల్లా మార్చాలని ఎర్ర అక్షరాల్లో రాయండి. ఫైలు పేరు Brand_Guidelines_Final_v3_NEW.pdf అని ఉంచండి. v2 ఎక్కడుందని ఎవరైనా అడిగితే, సమాధానానికి మీటింగ్ పెట్టండి.