ఆగస్టు పదిహేనున పుట్టించిన పెద్దమనిషి

ఇంగ్లండులో పదహారో శతాబ్దంలో ఉన్నాడో లేడో తెలియని ఒకాయనకి నేను పుట్టినరోజు పెట్టాను. 1553 ఆగస్టు 15. రాజమండ్రిలో మా ఇంటి వరండాలో, రాత్రి పదకొండు దాటాక, దోమలబత్తి పొగలో కూచుని పెట్టాను. ఆ తేదీ ఇప్పుడు ఎన్ని కంప్యూటర్లలో ఉందో లెక్కపెట్టడం మానేశాను.

సంగతేమిటంటే, మా కోడలు అమెరికా పిల్ల. బోస్టన్ దగ్గర ఉంటారు. వాళ్ళమ్మ వైపు వంశం 1620లో మేఫ్లవర్ ఓడలో దిగిన రిచర్డ్ వారెన్ దగ్గర మొదలవుతుంది. ఈ మాట పెళ్ళిలోనే విన్నాను గానీ, ఓడ పేరు తప్ప నాకేమీ ఎక్కలేదు. కోడలు నీళ్ళోసుకుందని తెలిశాక మాత్రం నాలో ఏదో పూనింది. బారసాల నాటికి రెండు వైపులా వంశవృక్షం గీయించి ఫ్రేము కట్టించాలనుకున్నాను. మా వైపు ఏడు తరాలు దాటి వెళ్ళలేకపోయాను. మా ముత్తాత తండ్రి పేరు దగ్గర మా పెదనాన్న కొడుకూ నేనూ ఇప్పటికీ తగవుపడుతూనే ఉన్నాం. వియ్యపురాలు మాత్రం పదమూడు తరాల కాగితం ఒకటి పంపింది. పై గడిలో రిచర్డ్ వారెన్, పక్కన భార్య ఎలిజబెత్. అంతే. ఆ పైన ఖాళీ.

ముప్ఫైనాలుగేళ్ళు బ్యాంకులో చేసినవాణ్ణి. ఖాళీ గడి చూస్తే నాకు నిద్ర పట్టదు.

వంశవృక్షాల వెబ్‌సైట్లు అప్పుడు నాకు దొరికాయి. పేరు కొడితే చాలు, పక్కనే "తండ్రి వీరు కావచ్చు" అని చూపిస్తుంది, ఒప్పుకో అని ఒక బటను. ఒప్పుకున్నాను. క్రిస్టఫర్ వారెన్, భార్య ఆలిస్. ఇంకో బటను. ఎలిజబెత్‌కి పుట్టింటి పేరు జువాట్ అని వచ్చింది, అదివరకే మార్ష్ అనే ఆయన్ని పెళ్ళాడి వితంతువైందని కూడా. ఎంత వివరంగా ఉందో అని మురిసిపోయాను. వారెన్ కాస్తా పైకి వెళ్ళేకొద్దీ "వారెన్నె" అయింది, సర్రే ప్రాంతపు ప్రభువుల ఇంటిపేరు. రెండో రాత్రి తెల్లవారుజామున మొదటి విలియం వారెన్నె భార్య గుండ్రెడా దగ్గరికి చేరాను. ఆవిడ తండ్రి గడిలో 1066లో ఇంగ్లండుని జయించిన విలియం రాజు! పుట్టబోయే మా మనవరాలు రాజులబిడ్డ. మా ఆవిణ్ణి లేపి చెప్పాను. "పాలవాడు వచ్చాడా?" అని అటు తిరిగి పడుకుంది.

ఇంతకీ ఆ పుట్టినరోజు. క్రిస్టఫర్ వారెన్‌కి ఎక్కడా తేదీ లేదు. రిచర్డ్ 1578 ప్రాంతంలో పుట్టాడని చాలా చెట్లలో ఉంది. తండ్రికి అప్పటికి పాతికేళ్ళు వేసుకుందామని 1553 రాశాను. రోజు, నెల గడులు ఖాళీగా ఉండేసరికి చెయ్యి ఊరుకోలేదు. ఆగస్టు 15 వేశాను, ఇది నేను వేసిందేనని తరవాత గుర్తుపట్టడానికి వీలుగా ఉంటుందని. నోటుపుస్తకంలో పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టుకున్నాను. సైటులో ప్రశ్నార్థకం పెట్టే చోటు నాకు కనిపించలేదు.

మూడు నెలల తరవాత, ఫ్రేముకి ఇచ్చేముందు ఒకసారి సరిచూసుకోవడం పద్ధతి కదా అని మళ్ళీ తెరిచాను. నోటుపుస్తకంలో ప్రశ్నార్థకం చూసి క్రిస్టఫర్ పేరు వెతికాను. పదకొండు చెట్లలో 1553 ఆగస్టు 15 అని ఉంది. పదకొండు! అమెరికాలో వాళ్ళు, కెనడాలో వాళ్ళు, ఆస్ట్రేలియాలో ఒకావిడ. నేను గాలిలో విసిరిన రాయి సరిగ్గా కాయకే తగిలిందని ఆశ్చర్యపోయాను. ఇక్కడ నా తెలివిని దాచుకోను, ఉన్నదున్నట్టు చెబుతాను: పెన్ను తీసి ప్రశ్నార్థకం కొట్టేశాను.

బారసాల బోస్టన్‌లో బాగానే జరిగింది. ఫ్రేము గోడకి తగిలించాం. వచ్చిన తెలుగువాళ్ళంతా దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. వియ్యపురాలు మాత్రం కళ్ళజోడు మార్చుకుని చాలాసేపు చదివింది. ఆవిడ లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. భోజనాలయ్యాక నన్ను పక్కకి పిలిచి, చాలా మర్యాదగా, "అన్నీ ఎక్కడ దొరికాయి మీకు?" అంది. "పదకొండు చోట్ల," అన్నాను గర్వంగా.

మర్నాడు డైనింగు టేబులు దగ్గర కూచోబెట్టి ఆ పదకొండూ తెరిపించింది. ఒక్కొక్క దాని కింద ఆధారం అన్నచోట నొక్కమంది. మొదటిది ఇంకో చెట్టు పేరు చెప్పింది. ఆ చెట్టు మరో చెట్టుని చూపించింది. అలా నాలుగైదు ఇళ్ళు తిరిగి చివరికి ఒక ఖాతా పేరు వచ్చింది, రాజమండ్రి పిన్‌కోడుతో సహా. అది నాదే. కాఫీ చల్లారిపోయింది గానీ కప్పు ఎత్తడానికి చెయ్యి లేవలేదు.

ఆవిడ నవ్వలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. "నాకు మొదట అనుమానం వచ్చింది ఆ తేదీ మీదే," అంది. ఇంగ్లండులో 1538 నుంచి చర్చిల్లో రిజిస్టర్లు పెట్టమని ఉత్తర్వు ఉందట. అయితే వాటిలో రాసేది చాలావరకు జ్ఞానస్నానం చేయించిన రోజు, పెళ్ళి రోజు, పూడ్చిన రోజు. పుట్టిన రోజు రాయడం అరుదు. మామూలు మనిషికి 1553లో పుట్టిన రోజు, నెల, ఏడాది అన్నీ చక్కగా ఉన్నాయంటే, అది దొరికిన తేదీ కాకుండా ఎవరో వేసిన తేదీ అయ్యుండే అవకాశమే ఎక్కువ. పైగా రిచర్డ్ వారెన్ తలిదండ్రులెవరో ఇప్పటిదాకా ఎవరూ రుజువు చెయ్యలేదు. ఆవిడ కాగితంలో పై గడి ఖాళీగా వదిలింది అందుకే. నేను బద్ధకం అనుకున్నాను.

ఎలిజబెత్ సంగతి ఇంకా బాగుంది. జువాట్, మార్ష్ వితంతువు అనే కథ పాత పుస్తకాల్లోంచి చెట్లలోకి ఎక్కింది, దానికి ఆధారం లేదు. గ్రేట్ ఆమ్‌వెల్ అనే పల్లెలో 1610 ఏప్రిల్ 14న రిచర్డ్ వారెన్‌కీ ఎలిజబెత్ వాకర్‌కీ పెళ్ళయినట్టు రిజిస్టరులో ఉందని పరిశోధకులకి ఎప్పటినుంచో తెలుసు. అయినా వాళ్ళు ఒప్పుకోలేదు. రిచర్డ్ వారెన్‌లు, ఎలిజబెత్‌లు ఆ దేశంలో కొల్లలు. మన దగ్గర సుబ్బారావు, సుబ్బలక్ష్మిల పెళ్ళి శుభలేఖ దొరికిందని అది మా తాతయ్యదే అంటే ఊరుకుంటారా? 2002 చివర్లో ఎడ్వర్డ్ డేవిస్ అనే ఆయనకి అగస్టీన్ వాకర్ వీలునామా దొరికింది. 1613 ఏప్రిల్‌లో రాసింది. అందులో "నా కూతురు ఎలిజబెత్, రిచర్డ్ వారెన్ భార్య" అని చెప్పి, ఆమె ముగ్గురు పిల్లల పేర్లు రాశాడు: మేరీ, ఆన్, సారా. ప్లిమత్‌లో స్థిరపడ్డ రిచర్డ్ వారెన్ పెద్ద పిల్లలు ముగ్గురూ మేరీ, ఆన్, సారాలే, అదే వరసలో. 1623లో ఆన్ అనే ఓడలో ఎలిజబెత్ అయిదుగురు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని భర్త దగ్గరికి వచ్చింది. పేరు ఒక్కటే కలిస్తే ఏమీ కాదు గానీ, మొగుడూ పెళ్ళాం, ముగ్గురు కూతుళ్ళు, వాళ్ళ వరస, ఏళ్ళు ఇన్నీ కలిశాక ఇంకొకరని అనడం కష్టం. 2003లో అది అచ్చయింది. చెట్లలో మాత్రం జువాట్ కదల్లేదు. కొందరు మొహమాటస్తులు రెండింటినీ కలిపేసి ఎలిజబెత్ వాకర్ జువాట్ మార్ష్ అని రాసుకున్నారు. నా ఫ్రేములో జువాట్ బంగారు అక్షరాల్లో ఉంది, అక్షరానికి ఇంత అని డబ్బు కూడా ఇచ్చాను.

"మరి రాజు?" అన్నాను. ఇంక పోయేదేముంది.

సర్రే ప్రభువుల్లో చివరి జాన్ వారెన్నె 1347లో చనిపోయాడు. ధర్మపత్ని వల్ల పిల్లల్లేరు. ఆస్తి మేనల్లుడికి పోయింది. కాబట్టి ఆ ఇంటికీ రిచర్డ్‌కీ మధ్య ఎక్కడో ఒక పక్కకొమ్మ కావాలి. దాన్ని చూపించే కాగితం లేదు, ఇంటిపేరు చెవికి దగ్గరగా వినిపించడం తప్ప. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన గోత్రం ఒకటి కాదని మా నాయనమ్మ కూడా చెప్పేది.

ఇక గుండ్రెడా. ల్యూయిస్‌లో ఆవిడా భర్తా కట్టించిన మఠం ఉండేది. ఆ మఠంవాళ్ళు తరవాతి కాలంలో ఆవిణ్ణి రాణిగారి కూతురని చెప్పుకున్నారు. మఠానికి రాజబంధుత్వం ఉంటే ఎంత పరువో చెప్పక్కర్లేదు, మన భట్రాజులు జమీందార్లని సూర్యుడి దాకా తీసుకెళ్ళలేదూ? కానీ పన్నెండో శతాబ్దపు చరిత్రకారుడు ఒర్డెరిక్ విటాలిస్ ఆవిడ ఫ్లాండర్స్‌కి చెందిన గెర్బోడ్ చెల్లెలని రాశాడు. అసలు తాళం ఇంకో చోట ఉంది. గుండ్రెడా కొడుక్కి, హెన్రీ రాజు ఉంచుకున్నదాని కూతురికి పెళ్ళి అనుకున్నారు. హెన్రీ సాక్షాత్తూ విలియం కొడుకు. ఆర్చ్‌బిషప్ అన్సెల్మ్ ఈ పెళ్ళి కూడదని ఉత్తరం రాశాడు: ఒకవైపు నాలుగు తరాలు, ఇంకోవైపు ఆరు తరాల లోపు వీళ్ళు చుట్టాలు అని.

వియ్యపురాలు ఇక్కడ ఆగి నా మొహం చూసింది. నాకేమీ తట్టలేదు.

"గుండ్రెడా, హెన్రీ అక్కాతమ్ముళ్ళయితే, వాళ్ళ పిల్లలు ఏమవుతారు?" అంది.

"మేనరికం," అన్నాను వెంటనే. "దివ్యమైన సంబంధం. ముహూర్తం పెట్టేసుకోవడమే."

ఆవిడకి మేనరికం అంటే ఏమిటో మా అబ్బాయి వివరించాడు. ఆవిడ చాలాసేపు నవ్వింది, మొదటిసారి. ఆ రోజుల్లో చర్చి ఏడు తరాల దాకా చుట్టరికం కుదరదనేది. స్వయానా అక్కాతమ్ముళ్ళ పిల్లలే అయ్యుంటే ఆర్చ్‌బిషప్ నాలుగో తరం, ఆరో తరం అని దూరపు లెక్కలు తవ్వుకునేవాడా? ఒక్క ముక్కలో కొట్టిపారేసేవాడు. గుండ్రెడా విలియం కూతురు కాదనడానికి ఆ ఉత్తరం చాలు. మూడు నెలలు ఆ గడి చూస్తూ కూచున్నా, మేనరికం నాకు ఎంత సహజమంటే, అక్కడ అడ్డురావాల్సింది ఏదైనా ఉందన్న ఆలోచనే పుట్టలేదు.

ఫ్రేములో రిచర్డ్ పైనున్న వరసలన్నీ కత్తిరించి మళ్ళీ కట్టించాం. సైటులో నా చెట్టు తీసేశాను. ఆ పదకొండుమందికీ, అప్పటికి పద్నాలుగుమంది అయ్యారు, ఒక్కొక్కరికీ మర్యాదగా రాశాను: ఆ తేదీ తప్పు, అది నేనే వేసింది, ఆ రోజు మా దేశ స్వాతంత్ర్య దినం, దయచేసి తీసేయండి అని. ముగ్గురు తీసేశారు. పదిమంది పలకలేదు. ఒకాయన మాత్రం రెండు రోజుల్లో జవాబిచ్చాడు. నా శ్రద్ధకి కృతజ్ఞతలు చెప్పి, ఈ తేదీ పదమూడు స్వతంత్ర వృక్షాల్లో ధ్రువపడిందనీ, నా దగ్గర దానికి విరుద్ధమైన ఆధారమేదైనా ఉంటే పంపమనీ రాశాడు.